మార్కులు వచ్చాయి, మరి ఏం వచ్చినట్టు? ర్యాంకుతో చదవడం, నేర్పుతో చదవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు స్కూళ్లలో టీచర్లు, ప్రిన్సిపాళ్లు, తల్లిదండ్రులు మార్కుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలివి. జవాబులన్నీ ఒకే ఉదాహరణ చుట్టూ తిరుగుతాయి: 7వ తరగతి లెక్కల్లో భిన్నాల మీద పెట్టిన ఒక పరీక్ష. అందులోని అంకెలు విషయం అర్థం కావడానికి నేను వేసుకున్నవి. ఇలాంటి తరగతి మాత్రం ఏ వీధి స్కూల్లోనైనా కనిపిస్తుంది.

ఒకే మార్కుని రెండు రకాలుగా చదవడం అంటే ఏమిటి?

ఒక బాబుకి 20కి 13 వచ్చాయి. దాన్ని బట్టి "క్లాసులో తొమ్మిదో వాడు" అంటే అతన్ని మిగతా పిల్లలతో పోల్చి చెప్పినట్టు. దీన్ని నార్మ్ రిఫరెన్స్‌డ్ పద్ధతి అంటారు. "సమాన భిన్నాలు గుర్తించగలడు, గుణించగలడు, హారాలు వేరైతే కూడలేడు" అంటే అతని జవాబుల్ని నేర్చుకోవాల్సిన విషయంతో పోల్చి చెప్పినట్టు. ఇది క్రైటీరియన్ రిఫరెన్స్‌డ్ పద్ధతి. ఈ రెంటి మధ్య తేడాని 1963లో రాబర్ట్ గ్లేజర్ అనే అమెరికన్ సైకాలజిస్టు ఒక చిన్న వ్యాసంలో స్పష్టంగా చెప్పాడు. పక్కవాళ్ల మార్కులు తెలియకుండా మొదటి మాట చెప్పలేం. రెండో మాటకి పక్కవాళ్లతో పనే లేదు, కానీ ఏ ప్రశ్న దేన్ని పరీక్షిస్తోందో ముందే తెలిసి ఉండాలి.

అంటే ఇవి రెండు వేర్వేరు పరీక్షలా?

తేడా ముందుగా మార్కుల్ని చదివే తీరులో ఉంది. అయితే పేపరు తయారీలో కూడా అది కనిపిస్తుంది. పిల్లల్ని వరసలో నిలబెట్టాలంటే మార్కులు బాగా చెదరాలి. అందుకని ఆ పేపరు చేసేవాళ్లు అందరూ చేసేసే ప్రశ్నని తీసేస్తారు, సుమారు సగం మంది మాత్రమే చేయగలిగే ప్రశ్నల్ని ఎక్కువగా ఉంచుతారు. ఇక నేర్పిన పాఠం వచ్చిందో లేదో చూడాలనుకునే టీచరుకి, అందరూ చేసిన ప్రశ్న ఒక శుభవార్త. దాన్ని తీసేస్తే తరగతికి ఏం వచ్చో చెప్పే ఆధారం పోతుంది.

మీ చేతిలోని పేపరు ఏ రకమో కనిపెట్టడానికి ప్రశ్నల్ని అంశాల వారీగా లెక్కపెట్టండి. పదిహేను అంశాల నుంచి ఒక్కో ప్రశ్న ఉంటే అది వరస పెట్టడానికి పనికొస్తుందేమో గానీ, ఏ ఒక్క అంశం గురించీ నమ్మకంగా ఏమీ చెప్పదు. బయట కొన్న పేపర్లలో చాలావరకు ఇదే పరిస్థితి.

ఒక తరగతిలో ఇది ఎలా పనిచేస్తుందో చూపిస్తారా?

గుంటూరులో ఒక స్కూలు అనుకుందాం. 7వ తరగతి సెక్షన్‌లో 36 మంది. శనివారం ఓఎంఆర్ షీటు మీద భిన్నాల పరీక్ష, 20 ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు ఆప్షన్లు. టీచరు పేపరుని నాలుగు అంశాలుగా చేసింది: సమాన భిన్నాలు, ఏది పెద్దదో పోల్చడం, హారాలు వేరుగా ఉన్న భిన్నాల కూడిక, గుణకారం. ఒక్కో అంశానికి 5 ప్రశ్నలు. 5లో 4 సరిగ్గా చేస్తే ఆ అంశం వచ్చినట్టు అని పరీక్షకి ముందే రాసిపెట్టుకుంది.

ఇద్దరికి 13 వచ్చాయి. వాళ్ల పైన 8 మంది, కింద 26 మంది. ర్యాంకు లిస్టులో ఇద్దరూ తొమ్మిదే. ఇప్పుడు అంశాల వారీగా చూద్దాం. బాబుకి వరసగా 5, 4, 0, 4. పాపకి 4, 3, 3, 3. ఇద్దరి అవసరాలకీ పొంతనే లేదు. బాబుకి మూడు అంశాలు గట్టిగా వచ్చు, కూడిక మాత్రం ఒక్కటీ రాలేదు. పాపకి అన్నీ కొంత కొంత వచ్చు, ఒక్క సమాన భిన్నాల్లో మాత్రమే గీత దాటింది. ఆ అమ్మాయికి కావలసింది అభ్యాసం. ఆ అబ్బాయికి కావలసింది కూడికని మళ్లీ మొదటి నుంచి చెప్పే మనిషి.

అబ్బాయి ఓఎంఆర్ షీటు ఇంకా దగ్గరగా చూస్తే, 1/2 + 1/3 అన్న ప్రశ్నకి 2/5 గుర్తించాడు. మిగతా నాలుగు కూడికల్లోనూ అదే ధోరణి: లవాన్ని లవంతో, హారాన్ని హారంతో కూడేశాడు. ఇది అజాగ్రత్త కాదు, నమ్మకంగా పాటిస్తున్న తప్పు నియమం. గుణకారంలో పైవి పైవాటితో, కిందివి కిందివాటితో గుణించడం నేర్చుకున్నాడు కాబట్టి కూడికకీ అదే వర్తిస్తుందనుకున్నాడు. అతనికి గుణకారంలో 4 వచ్చాయన్నది గుర్తుంచుకోండి. ఒకచోట బలంగా ఉన్న నియమమే ఇంకోచోట తప్పు చేయిస్తోంది. మందు కూడా ఆ షీటులోనే ఉంది. పోల్చడంలో అతనికి 4 వచ్చాయి కాబట్టి 1/2 కన్నా 2/5 చిన్నదని తనే చెప్పగలడు. అరకి ఇంకాస్త కలిపితే అర కంటే తక్కువ ఎలా వస్తుందని అడిగితే అతని నియమం అక్కడే కదులుతుంది. ఆ తర్వాత క.సా.గు.తో హారాలు సమానం చేయడం చెబితే నిలుస్తుంది.

ఇప్పుడు మొత్తం తరగతి సంగతి. సమాన భిన్నాల్లో 29 మంది గీత దాటారు, పోల్చడంలో 24, గుణకారంలో 27. కూడికలో 7. మొదటి ర్యాంకు అమ్మాయికి 17 మార్కులు, వరసగా 5, 5, 2, 5. ఫస్టు వచ్చిన పిల్లకే కూడిక రాలేదు! ర్యాంకు లిస్టు ఎంతసేపు చూసినా ఈ సంగతి బయటపడదు, ఎందుకంటే అందరూ ఒకేచోట పడిపోతే వరస మారదు. టీచరు సోమవారం ఏం చేయాలో చెప్పింది ఆ 7 అన్న అంకె. అదనపు క్లాసు కింది పది మందికి పెట్టి లాభం లేదు. కూడిక పాఠం తరగతి మొత్తానికి మళ్లీ చెప్పాల్సిందే.

తర్వాతి పరీక్షలో ర్యాంకు పెరగకపోతే పిల్లాడు ఏమీ నేర్చుకోనట్టేనా?

కాదు. పై తరగతిలో రెండు వారాలు కూడిక మళ్లీ చెప్పి, అలాంటిదే ఇంకో పేపరు పెట్టారనుకుందాం. కూడికలో గీత దాటినవాళ్లు 7 నుంచి 25 అయ్యారు. మన బాబుకి 5, 4, 4, 4 వచ్చి మొత్తం 17 అయింది. ర్యాంకు? మళ్లీ తొమ్మిదే, ఎందుకంటే అతని పైనున్నవాళ్లూ కూడిక నేర్చుకున్నారు. 36 మందిలో ఒకరు పైకెక్కితే ఇంకొకరు దిగాల్సిందే. తరగతి మొత్తం బాగుపడినా ర్యాంకులు 1 నుంచి 36 వరకే ఉంటాయి, తరగతి మొత్తం పాడైనా అంతే. అందువల్ల చదువు ముందుకెళ్లిందా అన్న ప్రశ్నకి ర్యాంకు దగ్గర జవాబు ఉండదు. ఇంట్లో "ఇంకా తొమ్మిదేనా" అన్న మాట పడేది మాత్రం నిజంగా నేర్చుకున్న పిల్లాడికి. దీన్ని ఆపడం స్కూలు చేతిలోని పని.

పర్సంటేజీ, పర్సంటైల్ ఒకటేనా?

కాదు. 20కి 13 అంటే 65 శాతం. పర్సంటైల్ అనేది ఆ మార్కు దగ్గర ఎంతమంది కింద ఉన్నారో చెబుతుంది. ఒక పద్ధతిలో, కిందివాళ్లందరినీ, సమానంగా వచ్చినవాళ్లలో సగాన్ని కలిపి మొత్తంతో భాగిస్తారు. మన ఉదాహరణలో 26 కి 1 కలిపితే 27, దాన్ని 36 తో భాగిస్తే 75వ పర్సంటైల్. జేఈఈ మెయిన్‌లో 2019 నుంచి ఎన్‌టీఏ ఇచ్చే స్కోరు కూడా పర్సంటైలే. అక్కడ ఆ సెషన్‌లో తనతో సమానంగానో, తక్కువగానో వచ్చినవాళ్లు వందకి ఎంతమంది అన్నది లెక్కిస్తారు. 90 పర్సంటైల్ వచ్చిన అబ్బాయి నూటికి 90 మార్కులు తెచ్చుకున్నాడని బంధువులు అనుకుంటారు. అతని మార్కులు దానికి చాలా తక్కువే ఉండొచ్చు.

పదో తరగతిలో 35 వస్తే పాస్. ఇది క్రైటీరియన్ పద్ధతే కదా?

సగమే. 35 అన్న గీత ముందే గీసి ఉంటుంది, ఎంతమంది దాటినా దాటనిస్తారు. ఆ మేరకు అది పక్కవాళ్లతో పోల్చడం కాదు. కానీ లెక్కల్లో 35 వచ్చిన పిల్లకి ఏం వచ్చో ఆ అంకె చెప్పదు. ఒకరు అంకగణితంతో 35 తెచ్చుకుంటారు, ఇంకొకరు జ్యామితి నిర్మాణాలతో, గ్రాఫులతో తెచ్చుకుంటారు. గీత ఒక్కటే ఉంటే చాలదు. గీతకి ఇవతలివాళ్లు ఏం చేయగలరో వాక్యంలో చెప్పగలిగినప్పుడే అది పూర్తిగా క్రైటీరియన్ పద్ధతి అవుతుంది.

రెండూ ఒకే కాగితం మీద ఉండటం కూడా మామూలే. సీబీఎస్ఈ బోర్డు పరీక్షల్లో పాస్ కావడానికి 33 శాతం గీత. గ్రేడు మాత్రం వరసని బట్టి ఇస్తారు: పాసైనవాళ్లలో పైనున్న ఎనిమిదో వంతుకి ఏ1, తర్వాతి ఎనిమిదో వంతుకి ఏ2, అలా కిందికి. కాబట్టి ఒకే మార్కుకి ఒక ఏడాది ఏ1, ఇంకో ఏడాది ఏ2 రావచ్చు. పిల్లాడు మారలేదు, అతని చుట్టూ ఉన్న గుంపు మారింది.

గీత ఎక్కడ గీయాలో ఎవరు చెప్పాలి?

ఆ పాఠం చెప్పే టీచర్లే, పరీక్షకి ముందు, ప్రశ్నలు ఎదురుగా పెట్టుకుని. దీనికి విలియం ఆంగాఫ్ పేరు మీద ఒక పద్ధతి ఉంది, 1971 నాటిది, చిన్న స్కూల్లో కూడా అరగంటలో అయిపోతుంది. ముగ్గురు టీచర్లు కూర్చుని, పాఠం అంతంత మాత్రంగా వచ్చిన, అయినా తర్వాతి పాఠానికి పంపవచ్చు అనిపించే పిల్లల్ని మనసులో పెట్టుకుంటారు. అలాంటివాళ్లు వంద మంది ఉంటే ఈ ప్రశ్న ఎంతమంది చేస్తారని ఒక్కో ప్రశ్నకి ఎవరికి వారు రాస్తారు. కూడికలోని ఐదు ప్రశ్నలకి సగటున 90, 80, 80, 70, 60 అని వచ్చాయనుకోండి. మొత్తం 380, అంటే ఒక్కొక్కరికి 3.8 ప్రశ్నలు. గీత 4 దగ్గర పడుతుంది.

ఇద్దరు టీచర్లు ఒకే ప్రశ్నకి 90, 40 అని రాస్తే అక్కడ ఆగి మాట్లాడుకోండి. చాలాసార్లు ప్రశ్నలోనే మెలిక ఉంటుంది, లేదా ఒక సెక్షన్‌లో ఆ రకం లెక్క చెప్పి ఉండరు. ఈ మాటల వల్ల వచ్చే లాభం గీత కంటే పెద్దదని నా అభిప్రాయం.

చేయకూడనిది ఒకటుంది. మార్కులు వచ్చాక, ఎంతమంది ఫెయిలవుతారో చూసి గీతని జరపడం. అలా జరిపిన క్షణంలో అది మళ్లీ గుంపుతో పోల్చడమే అయిపోతుంది, పేరు మాత్రం క్రైటీరియన్ అని మిగులుతుంది.

ఒక్కో అంశానికి 5 ప్రశ్నలే ఎందుకు? మూడు చాలవా?

నాలుగు ఆప్షన్లున్న ప్రశ్నల్లో ఏమీ తెలియని పిల్లాడు గుడ్డిగా గుర్తించినా కొన్ని తగులుతాయి. మూడు ప్రశ్నలు పెట్టి రెండు వస్తే చాలన్నారనుకోండి. అలా గీత దాటే అవకాశం నూటికి దాదాపు 16. ఐదులో నాలుగు రావాలంటే అది నూటికి 2 కన్నా తక్కువకి పడిపోతుంది.

రెండో వైపు కూడా చూడాలి. పాఠం వచ్చి, ఒక్కో ప్రశ్ననీ పదిసార్లకి తొమ్మిదిసార్లు సరిగ్గా చేయగల పిల్లలున్నారు. అలాంటివాళ్లు వంద మంది రాస్తే సుమారు 8 మంది ఐదులో నాలుగు తెచ్చుకోలేరు. ఆ రోజు తలనొప్పి, లైను తప్పిన బబుల్, ఏదైనా కావచ్చు. అందుకే 3 వచ్చినవాళ్లని రాలేదని ముద్ర వేయకుండా, రెండు రోజుల తర్వాత ఇంకో ఐదు ప్రశ్నలు ఇవ్వాలి. పిల్లని బల్ల దగ్గరకి పిలిచి "ఇది ఎలా చేశావో చెప్పమ్మా" అని అడిగితే ఇంకా మంచిది. 0 వచ్చినవాళ్లకి మళ్లీ పరీక్ష అక్కర్లేదు, పాఠం కావాలి.

మరి ర్యాంకు ఎప్పుడు సరైనది?

సీట్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ అయినప్పుడు. అక్కడ ఎవరికి ఏం వచ్చు అన్నది ఒక్కటే తేల్చదు, ఎవరు ముందు అన్నది తేల్చాలి. 8వ తరగతి పిల్లలు రాసే ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ మంచి ఉదాహరణ. ఏడాదికి 12,000 రూపాయలు, రాష్ట్రానికి ఇన్ని అని కోటా ఉంటుంది. ముందు ఒక గీత దాటాలి: మామూలుగా 40 శాతం, ఎస్సీ, ఎస్టీ పిల్లలకి 32. దాటినవాళ్లలో కోటా మేరకు మెరిట్ వరస. గీత అర్హతని చూస్తుంది, వరస కోటాని పంచుతుంది. స్కూల్లో క్విజ్ టీముకి నలుగురిని ఎంచుకున్నా అంతే.

ఇంకో సందర్భం: ఒక పాప తన వయసు పిల్లలకంటే చదవడంలో బాగా వెనకబడిందా, నిపుణులకి చూపించాలా అన్న అనుమానం. ఆ వయసుకి ఏది మామూలు అన్నది తెలియాలంటే పోలిక కావాలి. కానీ ఎవరితో? సెక్షన్‌లోని 36 మంది చాలరు. పెద్ద సంఖ్యలో, అదే భాషలో చదివే పిల్లల మీద తయారైన లెక్క కావాలి. ఇంగ్లిష్ పిల్లల పట్టికతో తెలుగు చదివే పిల్లని కొలవకూడదు. గుణింతాలు, వత్తులు పట్టుబడటానికి పట్టే కాలమే వేరు.

వారం వారం ర్యాంకుల్ని బట్టి సెక్షన్లు మార్చడం మా స్కూల్లో ఉంది. అది సరైనదేనా?

నాకు సరైనదిగా అనిపించదు. కారణం లెక్కలోనే ఉంది. మార్కుల లిస్టు మధ్యలో పిల్లలు కిక్కిరిసి ఉంటారు. 11 మార్కుల దగ్గర ఐదుగురు, 10 దగ్గర ఆరుగురు ఉంటే ఒక్క ప్రశ్న తేడాతో ఐదు స్థానాలు జరిగిపోతాయి. అదే పిల్ల అదే పాఠం మీద ఇంకో పేపరు రాస్తే ఒకటి రెండు మార్కులు అటూ ఇటూ కావడం మామూలే. కాబట్టి మధ్యలో జరిగే మార్పుల్లో చాలావాటికి చదువుతో సంబంధం లేదు. ఇలా అవుతోందో లేదో తెలుసుకోవడానికి గత నెలలో పై సెక్షన్‌కి వెళ్లినవాళ్లలో ఎంతమంది మళ్లీ కిందికి వచ్చారో రిజిస్టరులో చూడండి. రాకపోకలు ఎక్కువగా ఉంటే ఆ పరీక్ష పిల్లల్ని వేరు చేయడం లేదు, చిల్లర తేడాల్ని వేరు చేస్తోంది.

గుంపులు చేయాల్సి వస్తే అంశాన్ని బట్టి చేయండి. కూడిక రానివాళ్లు వారం రోజులు ఒక గదిలో, వచ్చాక ఎవరి గదికి వాళ్లు.

క్రైటీరియన్ పద్ధతిలో లోపాలు లేవా?

ఉన్నాయి. 20కి 20 వచ్చిన పిల్ల ఎంత దూరం వెళ్లగలదో ఆ పేపరు చెప్పదు. అలాంటివాళ్లకి వేరే కష్టమైన ప్రశ్నలు కావాలి. ఇంకోటి, సులువుగా ముక్కలయ్యే విషయాలే ముక్కలవుతాయి. భిన్నాలు అవుతాయి, తెలుగు వ్యాసం అంత తేలిగ్గా కాదు. వ్యాసానికి ఒక్కో స్థాయిలో రచన ఎలా ఉంటుందో రెండు మూడు వాక్యాల్లో రాసి, ఆ స్థాయికి పిల్లలే రాసిన నమూనా జతచేస్తే టీచర్లు మార్కులు వేయడంలో కొంత దగ్గరకి వస్తారు. ఇక అంశాల జాబితాని నలభై యాభైకి పెంచితే టీచరుకి టిక్కులు పెట్టడమే పని అవుతుంది. ఒక యూనిట్‌కి నాలుగైదు చాలు.

పేరెంట్స్ మీటింగులో మొదటి ప్రశ్నే "ర్యాంకు ఎంత మేడం?" అని వస్తుంది. ఏం చెప్పాలి?

అడిగినవాళ్లని తప్పుపట్టకండి. ఫలితాల రోజు ఊరంతా ర్యాంకుల ఫ్లెక్సీలే కనిపిస్తుంటే వాళ్లకి అందిన భాష అదే. ర్యాంకు దాచిపెడితే అనుమానం పెరుగుతుంది. ముందు ఓఎంఆర్ కాపీని బల్ల మీద పెట్టి, అంశాల పట్టిక చూపించండి. "మీ బాబుకి మూడు వచ్చాయండీ, కూడిక రాలేదు. ఈ వారం అదే చెబుతున్నాం, ఇంట్లో రోజుకి మూడు లెక్కలు చేయించండి, చేసేటప్పుడు జవాబు అర కంటే పెద్దదా చిన్నదా అని అడగండి" అనండి. ఇంటికి తీసుకెళ్లడానికి ఆ తండ్రికి ఒక పని దొరికింది. "తొమ్మిదో ర్యాంకు" అని మాత్రమే చెప్పి ఉంటే అతను ఇంటికెళ్లి "ఇంకా బాగా చదువు" అని మాత్రమే అనగలడు.

ఆ తర్వాత కూడా అడిగితే ర్యాంకు చెప్పండి, దాంతో పాటు అది ఎంతమందిలో వచ్చిందో, ఒక్క మార్కు ఎక్కువొస్తే ఎంత మారేదో కూడా చెప్పండి. ప్రోగ్రెస్ కార్డులో అంశాల పట్టిక పైన, మొత్తం మార్కు దాని కింద రాయండి. కూడికకి ఎదురుగా మొదటి పరీక్ష తేదీ, మళ్లీ పెట్టిన పరీక్ష తేదీ, రెండింటిలో వచ్చిన మార్కు ఉండేలా గడులు గీయండి. 0 పక్కన 4 కనిపిస్తే ఆ రెండు వారాల్లో ఏం జరిగిందో వాళ్లకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.